అమ్మకాలన్నీ కూడితే జీడీపీ ఎందుకు కాదు? ఒక జిన్నింగ్ మిల్లు లెక్క

ప్రశ్న: జీడీపీ లెక్కలో మధ్యంతర వస్తువుల్ని తీసేస్తారని చదివాను. కానీ అవి కూడా ఎవరో కష్టపడి తయారుచేసినవే కదా? తీసేస్తే వాళ్ల కష్టం లెక్కలోకి రానట్టేనా?

జవాబు:

వస్తుంది. వాళ్ల ఖాతాలో అది ముందే పడింది కాబట్టే కొన్నవాడి ఖాతాలోంచి తీసేస్తారు. నేను గుంటూరు వైపు ఒక జిన్నింగ్ మిల్లులో అకౌంట్స్ చూస్తాను, వార్షిక పరిశ్రమల సర్వే ఫారం వస్తే నింపేది కూడా నేనే, అందుకని పత్తి మీదే చెప్తాను. ధరలు లెక్క తేలిగ్గా ఉండటానికి నేను వేసుకున్నవి, ఈరోజు మార్కెట్ రేటు అనుకోకండి.

రైతు ఒక క్వింటాల్ పత్తి మాకు 7,200కి అమ్మాడు అనుకోండి. దాన్ని పండించడానికి విత్తనాలు, ఎరువులు, పురుగుమందులు, డీజిల్ కలిపి బయట కొన్నవి 1,700. మిగిలిన 5,500 పొలంలో పుట్టిన అదనపు విలువ, జీడీపీలో కలిసేది అదే. పత్తి తీసిన కూలీలకి ఇచ్చిన డబ్బు ఈ 5,500 లోపలే ఉంటుంది, బయటికి తీయకూడదు. ఇక్కడే చాలామంది తికమక పడతారు, ఎందుకంటే లాభనష్టాల ఖాతాలో కూలి కూడా ఖర్చే, కాబట్టి అదీ తీసేయాలనిపిస్తుంది. ఇంకొకరు తయారుచేసిన సరుకుని, సేవల్ని మాత్రమే తీసేస్తారు. కూలి, వడ్డీ, యంత్రాల తరుగుదల, యజమాని లాభం అన్నీ అదనపు విలువలో భాగాలే. తరుగుదల కూడా తీసేస్తే దాన్ని నికర విలువ అంటారు, అది వేరే అంకె.

ఆ క్వింటాల్‌ని మేం జిన్నింగ్ చేస్తే 34 కిలోల దూది, 64 కిలోల గింజలు వస్తాయి, మిగతాది చెత్త, తేమ కింద పోతుంది. దూది కిలో 160 చొప్పున 5,440, గింజలు కిలో 35 చొప్పున 2,240, మొత్తం 7,680. ఇందులోంచి రైతుకిచ్చిన 7,200, కరెంటు, బేళ్లు కట్టే సామాను వగైరా 130 తీసేస్తే మాకు మిగిలేది 350. అంటే ఏడువేల ఆరువందల ఎనభై రూపాయల అమ్మకం మీద మేం దేశానికి కొత్తగా కలిపింది మూడువందల యాభై! వినడానికి చిన్నతనంగానే ఉంటుంది కానీ నిజం అదే, మిగతాదంతా రైతు విలువ మా బిల్లులో మళ్లీ కనబడటమే.

దూది స్పిన్నింగ్ మిల్లుకి వెళ్తుంది. వాళ్లు దాన్నుంచి తీసిన నూలు 7,400కి బంగ్లాదేశ్‌కి ఎగుమతి చేశారు, కరెంటు, ఇతర సామాను 800 అయింది. 7,400లోంచి 5,440, 800 పోతే 1,160. గింజలు నూనె మిల్లుకి వెళ్లాయి. నూనె, చెక్క కలిపి 2,600 అమ్మకం, బయటి ఖర్చు 100, గింజల ధర 2,240, మిగిలింది 260. చెక్క గేదెల మేతగా పోయి పాలల్లో కలుస్తుంది, ఆ దారి పట్టుకుపోతే ఈ జవాబు తెల్లారినా అవ్వదు కాబట్టి ఇక్కడ ఆపుదాం.

ఇప్పుడు నలుగురి అమ్మకాలూ కూడండి: 7,200, 7,680, 7,400, 2,600. మొత్తం 24,880. అదే చివర్లో బయటికెళ్లిన నూలు, నూనె, చెక్క విలువ 10,000 మాత్రమే. ఒకే పత్తిని ఒకసారి పత్తిగా, ఒకసారి దూది, గింజలుగా, ఇంకోసారి నూలు, నూనెగా కూడితే మొదటి అంకె వచ్చింది. నలుగురి అదనపు విలువలు కూడితే 5,500 + 350 + 1,160 + 260 = 7,270. మరి 10,000కి తక్కువైన 2,730 ఎక్కడుంది? ఎరువులు, కరెంటు, డీజిల్ లాంటి బయటి కొనుగోళ్లు ఉన్నాయి కదా, అవన్నీ కలిపితే సరిగ్గా 2,730. ఆ విలువ వాటిని తయారుచేసినవాళ్ల ఖాతాల్లో లెక్కపడుతుంది. అందులో పొటాష్ లాంటి దిగుమతి సరుకుంటే అది మన ఎవరి ఖాతాలోనూ పడదు, పడకూడదు కూడా, అది వేరే దేశపు ఉత్పత్తి. చివరి వస్తువుల ధరలు కూడే పద్ధతిలో అయితే దిగుమతుల్ని విడిగా గుర్తుపెట్టుకుని తీసేయాలి, ఇక్కడ దానంతటదే పోతుంది.

అమ్మకాలు ఎంత మోసం చేస్తాయో మాకు బాగా అర్థమయ్యేది సీసీఐ, అంటే భారత పత్తి సంస్థ, రంగంలోకి దిగిన సీజన్లలో. బయట ధర మద్దతు ధర కంటే పడిపోతే వాళ్లే రైతుల దగ్గర పత్తి కొని మాలాంటి మిల్లుల్లో జిన్నింగ్ చేయిస్తారు. పత్తి వాళ్లది, దూది వాళ్లది, గింజలు వాళ్లవి, మాకు వచ్చేది ఆడించిన కూలి మాత్రమే. పై లెక్కలో ఆ కూలి క్వింటాల్‌కి 480 అనుకుంటే, 7,680 ఉన్న మా అమ్మకం 480కి పడిపోతుంది. అందులోంచి కరెంటు వగైరా 130 తీస్తే మళ్లీ అదే 350. మనుషులు అంతే, యంత్రాలు అంతే, ఆడిన పత్తి అంతే, టర్నోవర్ మాత్రం పదహారో వంతు. అలాంటి ఒక ఏడాది మా బ్యాంకువాళ్లు టర్నోవర్ చూసి మీ వ్యాపారం దెబ్బతిందా అని అడిగితే, మా ఓనర్‌కి టెన్షన్, నాకు వివరణలు రాసే పని.

దీన్నే తిరగేసి చూడండి. రేపు స్పిన్నింగ్ మిల్లు మా మిల్లుని కొనేస్తే దూదికి ఇక బిల్లే ఉండదు, లోపల ఒక షెడ్డు నుంచి ఇంకో షెడ్డుకి వెళ్తుంది. మొత్తం అమ్మకాలు 24,880 నుంచి 19,440కి తగ్గిపోతాయి. ఒక్క కిలో నూలు కూడా తగ్గలేదు! కలిసిన కంపెనీ అదనపు విలువ మాత్రం 350, 1,160 కలిపి 1,510, అంతకుముందు ఇద్దరిదీ కలిపినా అంతే. ఎవరు ఎవర్ని కొన్నారు, సరుకు ఎన్ని చేతులు మారింది అన్నదాన్ని బట్టి దేశపు ఉత్పత్తి మారితే ఆ అంకెతో ఏం చేసుకుంటాం? నా దృష్టిలో రెండుసార్లు లెక్కపడటం అంటే ఏమిటో పాలు, బ్రెడ్డు ఉదాహరణల కంటే ఇది ఎక్కువ చెప్తుంది.

జాగ్రత్త పడాల్సింది స్టాకు దగ్గర. మార్చి 31న గోదాంలో అమ్ముడుకాని బేళ్లు ఉంటే అవి కూడా ఆ ఏడాది ఉత్పత్తే, కాబట్టి పెరిగిన స్టాకుని కలపాలి, తగ్గితే తీయాలి. కలపకుండా కొన్న పత్తినంతా ఖర్చు కింద తీసేస్తే మిల్లు అదనపు విలువ మైనస్‌లోకి కూడా పోవచ్చు, అలాంటి అంకె కనబడితే ముందు చూడాల్సింది స్టాకునే. ఇంకోటి, 2022లో దూది క్యాండీ, అంటే 356 కిలోలు, లక్ష రూపాయలు దాటింది. అంతకుముందు తక్కువకి కొని దాచుకున్నవాళ్లు బాగానే సంపాదించారు. బేళ్లు గోదాంలో ఊరికే పడి ఉండగా ధర పెరిగి వచ్చిన ఆ డబ్బు మిల్లు పుస్తకాల్లో లాభమే కానీ జాతీయ లెక్కల్లో ఉత్పత్తి కాదు, దాన్ని సర్దుబాటు చేసి తీసేయాలి. కంపెనీల లాభాలు ఎగిరిన ఏడాది అదనపు విలువ అంతగా పెరగకపోతే, లెక్క తప్పేమో అనుకునే ముందు ఇది కూడా చూడండి.