ఆధార్‌లో అత్తింటి పేరు, పీఎఫ్‌లో పుట్టింటి పేరు

ప్రశ్న: పెళ్లయ్యాక ఆధార్‌లోనూ జీతం వచ్చే బ్యాంకులోనూ ఇంటిపేరు మార్పించుకున్నాను. ఇల్లు కొనడానికి పీఎఫ్ అడ్వాన్సు తీసుకుందామని కొత్త ఖాతాను పోర్టల్‌లో చేర్చబోతే, పేరు కలవలేదని తిరస్కరించింది. నా యూఏఎన్ 2015లో హైదరాబాద్‌లో మొదటి ఉద్యోగంలో ఇచ్చింది. ఆ కంపెనీ ఇప్పుడు లేదు. పేరు మార్చాలంటే పెళ్లి సర్టిఫికెట్ ఒక్కటీ సరిపోతుందా? ఎవరిని అడగాలి?
– శ్రీలక్ష్మి, మారతహళ్లి, బెంగళూరు

జవాబు: సరిపోకపోవచ్చు. కారణం పెళ్లిలో లేదు, 2015లో ఎవరో గుమాస్తా మీ పేరు కొట్టిన తీరులో ఉంటుంది. పోర్టల్‌లో `View` కింద `Profile` తెరిచి, మీ పేరును అక్షరం అక్షరం, మధ్యలో ఖాళీలతో సహా ఒక కాగితం మీద రాసుకోండి. కింద ఆధార్, పాన్, బ్యాంకు పేర్లు కూడా రాయండి. మీ ఇంటిపేర్లు నాకు తెలియవు కాబట్టి పుట్టింటిది కొల్లి, అత్తింటిది వేమూరి అనుకుందాం. నాకు వచ్చే ఉత్తరాలను బట్టి చూస్తే ఆ కాగితం దాదాపు ఇలా ఉంటుంది:

```
EPFO    : K SRILAKSHMI
PAN     : SRI LAKSHMI KOLLI
Aadhaar : Vemuri Sri Lakshmi
Bank    : VEMURI SRI LAKSHMI
```

మీకు కనిపిస్తున్న తేడా ఒక్కటే, ఇంటిపేరు. కంప్యూటర్‌కు మూడు కనిపిస్తాయి. ఇంటిపేరు మారింది, అంతకు ముందే అది ఒంటి అక్షరంగా కుంచించుకుపోయింది, ‘శ్రీ’కీ ‘లక్ష్మి’కీ మధ్య ఉండాల్సిన ఖాళీ మాయమైంది. ఇంటిపేరు ముందు పెట్టుకుని, దాన్ని ఇనిషియల్‌గా కుదించుకునే మన అలవాటు బడి హాజరు పట్టీకి బాగానే సరిపోయింది. ఇలాంటి చోటే అడ్డం తిరుగుతుంది.

పెళ్లి సర్టిఫికెట్ సంగతి చూడండి. పెళ్లినాటికి మీ పేరు కొల్లి శ్రీలక్ష్మి కాబట్టి అందులో ఉండేదీ ఆ పేరే. ఫలానా కొల్లి శ్రీలక్ష్మికీ ఫలానా వేమూరి వారి అబ్బాయికీ పెళ్లయిందని అది చెబుతుంది. ఆమె ఆ తర్వాత ఏ పేరు పెట్టుకుందో చెప్పదు. దాన్ని మీ కొత్త ఆధార్ చెబుతుంది. ఈ రెండూ కలిపితే కొల్లి నుంచి వేమూరికి దారి దొరికింది. కానీ పీఎఫ్‌లో ఉన్నది కొల్లి కూడా కాదు, ఉత్త `K`. ఆ `K` అంటే కొల్లి అని చూపే కాగితం ఇంకొకటి కావాలి. పాత పేరున్న పాన్ కార్డు గానీ, పదో తరగతి సర్టిఫికెట్ గానీ అందుకు పనికొస్తుంది. పదో తరగతిది ఇంకా మంచిది, అందులో తండ్రి పేరూ పుట్టిన తేదీ కూడా ఉంటాయి కాబట్టి మనిషి మీరేనని తేలుతుంది. అందువల్ల పాత కార్డులు ఇప్పుడే పారేయకండి. పాన్ మార్చుకునే పని ఇంకా మిగిలి ఉంటే, ముందు పాత కార్డును స్కాన్ చేసి దాచుకున్నాకే దరఖాస్తు పెట్టండి.

ఇక ఎవరిని అడగాలన్నది. 2025 జనవరిలో పీఎఫ్ సంస్థ ఈ సవరణల పద్ధతిని సులువు చేసింది. అక్కడ గీత గీసిన తేదీ 2017 అక్టోబర్ 1. ఆ రోజు గానీ తర్వాత గానీ ఆధార్ ఆధారంగా యూఏఎన్ పొందినవారు కాగితాలు జోడించకుండా, యజమాని ఆమోదం లేకుండా తమ పేరు తామే దిద్దుకోవచ్చు. మీది 2015 నాటిది కనుక యజమాని ఆమోదం కావాలి. అయితే అది మూతపడ్డ హైదరాబాద్ కంపెనీ కానక్కర్లేదు. ఇప్పుడు పనిచేస్తున్న బెంగళూరు కంపెనీ చాలు. వాళ్లు ఆమోదించాక మళ్లీ పీఎఫ్ కార్యాలయం ఆమోదం కోసం ఎదురుచూడాల్సిన పనిని కూడా ఆ మార్పుతో తీసేశారు.

పోర్టల్‌లో `Manage` కింద `Joint Declaration` తెరవండి. కొత్త పేరును ఆధార్‌లో ఉన్నది ఉన్నట్టుగా ఇవ్వాలి, పోర్టల్ దాన్ని ఆధార్‌తో పోల్చి చూస్తుంది. మీ ఫోనుకు వచ్చే ఓటీపీతో సమ్మతి తెలిపి, ఇందాక చెప్పిన కాగితాలు జతచేయండి. వైవాహిక స్థితి ఇంకా అవివాహిత అని ఉంటే అదే దరఖాస్తులో మార్చేయండి, రెండోసారి తిరగక్కర్లేదు. పంపిన దరఖాస్తు యజమాని దగ్గర పెండింగ్ అని చూపిస్తుంది. ఇక్కడే చాలామంది నెలలు పోగొట్టుకుంటారు. కంపెనీలో దీన్ని ఆమోదించే మనిషికి పోర్టల్ తెరిచి చూసే అలవాటు ఉండదు. మా వదినది ఒక కంపెనీలో ఏడు వారాలు అలా పడి ఉంది. చివరికి తేలింది ఏమిటంటే, ఆ పని చూసే వ్యక్తి ఉద్యోగం మానేశాడు, డిజిటల్ సంతకం ఇంకా అతని పేరు మీదే ఉంది. కాబట్టి దరఖాస్తు పెట్టిన రోజే పీఎఫ్ వ్యవహారాలు చూసేవారికి దాని స్క్రీన్‌షాట్‌తో మెయిల్ పంపండి.

మూతపడ్డ కంపెనీ గొడవ అసలు ఉందో లేదో తెలుసుకోవడానికి `View` లోని `Service History` చూడండి. ప్రతి ఉద్యోగానికీ ఒక సభ్యత్వ సంఖ్య ఉంటుంది. దాని మొదటి అక్షరాలు ఏ కార్యాలయం కిందికి వస్తుందో చెబుతాయి. `APHYD` అంటే హైదరాబాద్, `PYKRP` అంటే మీకు దగ్గర్లోని కె.ఆర్.పురం. పాత సంఖ్య కింద ఉన్న డబ్బు ఇప్పటి సంఖ్యకు బదిలీ అయిపోయి ఉంటే ఆ కంపెనీని మరిచిపోండి. బదిలీ కాకుండా ఉండిపోయి, పేరు తేడా వల్లే ఆగితే మాత్రం కాగితం మీద జాయింట్ డిక్లరేషన్ పెట్టాలి. యజమాని సంతకం ఉండాల్సిన చోట గెజిటెడ్ అధికారి గానీ నోటరీ గానీ ధ్రువీకరించినా చెల్లుతుంది. దాన్ని ఆ పాత సంఖ్య ఏ కార్యాలయానిదో అక్కడికే పంపాలి, అంటే మీ విషయంలో హైదరాబాద్‌కు.

ఇల్లు కొనే తొందరలో ఉన్నానన్నారు కాబట్టి ఒక దగ్గరి దారి చెబుతాను. పోర్టల్‌లో పాత పేరుతో ధ్రువీకరించిన పాత బ్యాంకు ఖాతా ఇంకా ఉందా? ఉండి, ఆ బ్యాంకులో మీ పేరు ఇంకా మార్చకపోయి ఉంటే, పీఎఫ్ పేరూ ఖాతా పేరూ కలుస్తాయి. అడ్వాన్సును ఆ ఖాతాకే అడగండి. డబ్బు చేతికి వచ్చేదాకా ఆ బ్యాంకులో పేరు ముట్టుకోకండి, పీఎఫ్‌లోనూ ముట్టుకోకండి. సగం మార్చి సగం వదిలేసిన స్థితే అన్నిటికన్నా చెడ్డది, మీకు ఇప్పుడు జరిగింది అదే.

తర్వాత ఆ పాత ఖాతాలో పేరు మార్చుకోవడానికి వెళ్లినప్పుడు, ‘కొత్త పేరుతో పాస్‌పోర్టు తెచ్చుకోండి, ఓటరు కార్డు తెచ్చుకోండి’ అని బ్యాంకులో అనవచ్చు. రిజర్వ్ బ్యాంకు కేవైసీ ఆదేశాల్లో దీనికి సూటిగా జవాబు ఉంది. గుర్తింపు పత్రం ఇచ్చిన తర్వాత పేరు మారినా, రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చిన వివాహ ధ్రువపత్రం గానీ పేరు మార్పు చూపే గెజిట్ ప్రకటన గానీ జోడిస్తే ఆ పాత పత్రం చెల్లుతుంది. గుడిలో ఇచ్చిన రసీదూ, కల్యాణ మండపం బిల్లూ ఇందులోకి రావు, సబ్ రిజిస్ట్రార్ ఇచ్చినదే కావాలి. ఇంటిపేరుతో పాటు అసలు పేరు కూడా మార్చుకున్నవారికి పెళ్లి సర్టిఫికెట్ దారి ఉండదు, వాళ్లకు గెజిట్ తప్పదు.

పాన్ మార్చేటప్పుడు రెండు జాగ్రత్తలు. ఆ ఫారంలో ఇంటిపేరు గడిలో గానీ పేరు గడిలో గానీ ఇనిషియల్ రాయకూడదు, పూర్తిగా విడదీసి రాయాలి. తండ్రి పేరు గడిలో భర్త పేరు రాయకూడదు, పెళ్లయినా అక్కడ తండ్రి పేరే ఉంటుంది. ఆధార్‌తో పాన్ ముందే అనుసంధానమై ఉంటే పేరు మారినంత మాత్రాన అది తెగిపోదు.

ఆధార్ ఇంకా మార్చుకోనివారు ఇది చదువుతుంటే వాళ్లకో మాట. ఆధార్‌లో పేరు మార్చుకునే అవకాశం జీవితకాలంలో రెండుసార్లే. బెంగళూరు కేంద్రంలో ఆపరేటర్ తెర మీ వైపు తిప్పి చూపిస్తారు. ఇంగ్లిష్ పేరు కింద కన్నడంలో కూడా పేరు వస్తుంది. కన్నడ లిపి మనకు సగం తెలిసినట్టే ఉంటుంది కాబట్టి చాలామంది దాన్నే కూడబలుక్కుంటూ, అందులో దీర్ఘం పోయిందని వాదిస్తూ కూర్చుంటారు. బ్యాంకులూ పీఎఫ్ పోల్చేది ఇంగ్లిష్ వరుసను. ముందు అందులోని ఖాళీలు లెక్కపెట్టండి.

శ్రీలక్ష్మి గారూ, పీఎఫ్‌లో పేరు మారాక `Manage` లోని `KYC` కు వెళ్లి కొత్త ఖాతాను మళ్లీ చేర్చండి, ఈసారి కలుస్తుంది. అదే మెనూలో నామినేషన్ కూడా తెరిచి చూడండి. 2015లో, పెళ్లి కాకముందు, బహుశా అమ్మ పేరో తమ్ముడి పేరో రాసి ఉంటారు. కుటుంబం లేనప్పుడు చేసిన నామినేషన్, కుటుంబం ఏర్పడగానే చెల్లకుండా పోతుందని 1952 నాటి పీఎఫ్ స్కీము చెబుతోంది. ఇప్పుడు మీవారి పేరుతోనో, మీ మీద ఆధారపడ్డ అమ్మగారి పేరుతోనో కొత్తది చేయాలి. దానికి నామినీ ఫొటో, ఆధార్ నంబరు, మీ ఆధార్ ఓటీపీతో సంతకం కావాలి. ముందు ప్రొఫైల్‌లో మీ ఫొటో ఎక్కించండి, అది లేకపోతే ఆ పేజీ ముందుకు కదలదు.