ఒక్క రనౌట్ రెండుగా కనిపించకుండా

తమ్ముడూ,

నువ్వు పంపిన మ్యాచ్ వీడియో రెండుసార్లు చూశాను. మొదటిసారి చూస్తూ ఛేజింగ్‌లో పడిన వికెట్లు లెక్కపెట్టుకున్నాను. తొమ్మిది వచ్చాయి. నీ స్కోర్ బుక్‌లో ఎనిమిదే ఉన్నాయి. ఆ ఎక్కువ వికెట్ ఎక్కణ్ణుంచి వచ్చిందో వెతికితే 19వ ఓవర్లో దొరికింది. రనౌట్‌ను ముందు బౌలర్ వెనక కెమెరాలో చూపించావు. వెంటనే పక్క నుంచి తీసిన ఫోన్ క్లిప్ పెట్టావు. మొదటి దాంట్లో బ్యాటర్ మనకు వీపు పెట్టి దూరంగా పరిగెత్తుతున్నాడు, రెండో దాంట్లో ఎడమ నుంచి కుడికి పరిగెత్తుతున్నాడు. రీప్లే అని చెప్పే గుర్తేమీ లేదు, వేగం తగ్గలేదు, పైగా రెండింటిలోనూ ఫీల్డర్లు గంతులేస్తున్నారు. మ్యాచ్ చూడనివాడికి అవి రెండు రనౌట్లే.

అందుకే ఈ ఉత్తరం మొత్తం నీ చివరి రెండు ఓవర్ల గురించే రాస్తున్నాను. ఆ పది బంతులు కుదిరితే మిగతా మ్యాచ్ నీకు నువ్వే కుదుర్చుకోగలవు.

క్లిప్‌లు తెరిచే ముందు స్కోర్ బుక్ తెరువు. 131 కొట్టాలి, 18 ఓవర్లకు 113/7, అంటే 12 బంతుల్లో 18. 19వ ఓవర్లో ఆ పొడుగు కుర్రాడు మొదటి బంతి వదిలేశాడు. రెండో బంతికి లాంగాన్‌లో క్యాచ్ జారింది, రెండు పరుగులు వచ్చాయి. మూడో బంతి కవర్స్‌లోంచి ఫోర్. నాలుగో బంతికి సింగిల్. ఐదో బంతికి అవతలి కుర్రాడు ఒక పరుగు పూర్తిచేసి రెండో దానికి తిరిగి స్ట్రైకర్ వైపు వస్తూ రనౌట్, 121/8. ఆరో బంతిని కొత్తగా వచ్చినవాడు ఆపాడు. చివరి ఓవర్లో పొడుగు కుర్రాడు డాట్, సిక్స్, డాట్, ఫోర్ ఆడి రెండు బంతులు మిగిలుండగానే మ్యాచ్ గెలిపించాడు.

నువ్వు ఫోర్లు, సిక్స్, రనౌట్ ఉంచి, జారిన క్యాచ్‌నూ ఆరో బంతినీ తీసేశావు. నేనైతే ఆ రెండింటినీ ముందు ఉంచుతాను. క్యాచ్ పట్టి ఉంటే ఆ తర్వాతి ఫోర్ లేదు, సిక్స్ లేదు. ఆరో బంతి అయితే చూడటానికి ఏమీ ఉండదు, బంతి బ్యాట్‌కు తగిలి కాళ్ల దగ్గర ఆగిందంతే. కానీ కొత్తవాడు దాన్ని ఆపబట్టే ఓవర్ మారి, అవతలి ఎండ్‌లో ఉన్న పొడుగు కుర్రాడికి స్ట్రైక్ వచ్చింది. నాలుగు సెకన్ల క్లిప్ చాలు. ఒక బంతిని ఉంచాలా వద్దా అన్నప్పుడు అది ఎంత దూరం వెళ్లిందని కాదు, దాని వల్ల తర్వాత ఏం మారిందని చూడు. నాలుగో బంతి సింగిల్‌ను తీసేసినా పరవాలేదు, రనౌట్ బంతి మొదలయ్యేసరికి స్కోరు పట్టీలో 120 కనిపిస్తే చాలు. చివరి ఓవర్ మొదటి డాట్ కూడా పోవచ్చు. సిక్స్ తర్వాతి డాట్ మాత్రం ఉండాలి, అప్పటికి నాలుగే కావాలి, మైదానమంతా ఊపిరి బిగబట్టి ఉంది.

ఇక రీప్లే. అసలు బంతి చూశాక చూసేవాడి మనసులో ఒక ప్రశ్న మిగిలితేనే రీప్లే వెయ్యి. కవర్ డ్రైవ్ ఫోర్‌లో ప్రశ్నేమీ లేదు. రనౌట్‌లో ఉంది: బ్యాట్ క్రీజు దాటిందా, లేదా? అక్కడ రీప్లే కావాలి. జారిన క్యాచ్‌కు నేను వెయ్యను. ఆ పిల్లవాడు అప్పటికే తల దించుకున్నాడు. కథకు ఆ బంతి అవసరం కాబట్టి మామూలు వేగంలో ఒక్కసారి చూపిస్తాం. వాడి ముఖాన్ని స్లో మోషన్‌లో మళ్లీ చూపించే హక్కు మనకు లేదు. ఈ వీడియోను రేపు వాడి తరగతి అంతా చూస్తుంది.

రనౌట్‌ను ఇలా పేర్చు. అసలు బంతి బౌలర్ పరుగు నుంచి మొదలై, బెయిల్స్ ఎగిరి, అంపైర్ వేలెత్తేదాకా ఆగకుండా నడవాలి. ఆ వేలే వాక్యం చివరి చుక్క. అప్పుడే స్కోరు పట్టీ 121/8కి మారాలి. ఒక సెకను ఆగి పట్టీ తీసేసి, ఒక బొమ్మను పక్కకు తుడిచేస్తూ ఇంకోటి వచ్చే చిన్న వైప్‌తో రీప్లేలోకి వెళ్లు. మూలన ‘రీప్లే’ అన్న మాట మొదటి నుంచి చివరిదాకా ఉండాలి. ఫోన్లో చూసేవారికి కూడా చదవడానికి వచ్చేంత పెద్దగా ఉండాలి. రీప్లే బౌలర్ పరుగుతో మొదలుకాకూడదు. ఫీల్డర్ చేతిలోంచి బంతి వదిలిన క్షణం నుంచి బెయిల్స్ లేచేదాకా చాలు. గంతులు మళ్లీ వద్దు, నీ వీడియోలో తొమ్మిదో వికెట్‌ను పుట్టించింది అవే. అదే వైప్‌తో బయటకు వచ్చి, పట్టీ తిరిగి పెట్టి, తర్వాతి బంతికి వెళ్లు. రీప్లేకు తన శబ్దం వద్దు. అసలు బంతి వెనక ఉన్న కేకలనే తగ్గించి కింద నడిపించు. అప్పుడు కాలం ముందుకు వెళ్లలేదని చెవికి కూడా తెలుస్తుంది.

వేగం సగానికి తగ్గించు. దానికి పక్కనున్న ఫోన్‌ను మ్యాచ్‌కు ముందే సెకనుకు 50 లేదా 60 ఫ్రేములకు పెట్టాలి. 25తో తీసినదాన్ని సాగదీస్తే బొమ్మ కుదుపులతో నడుస్తుంది.

ఇక్కడ ఒక జాగ్రత్త. బెయిల్ లేచిన ఫ్రేమ్‌ను ఆపి, గీత మీద బాణం వేసి ‘అవుట్ కాదు’ అని చూపించాలని నీకు అనిపిస్తుంది. వద్దు. కుర్రాడు సెకనుకు 6 మీటర్ల వేగంతో పరిగెత్తితే, 25 ఫ్రేముల వీడియోలో ఒక ఫ్రేముకూ తర్వాతి దానికీ మధ్య 24 సెంటీమీటర్లు జరిగిపోతాడు. 50 ఫ్రేములైనా 12. పైగా నీ ఫోన్ క్రీజు గీతకు సరిగ్గా సూటిగా లేదు, కొంచెం ముందుకు ఉంది. అంత తేడాతో తీర్పు చెప్పలేం. కదిలే బొమ్మనే చూపించి, అంపైర్ మాటను అలాగే ఉంచు.

ఇంకొకటి, ఇది నీ తప్పు కాదు, ఒకే చోట నిలిపిన కెమెరాతో ఎప్పుడూ వచ్చే చిక్కు. 19వ ఓవర్లో కెమెరా బౌలర్ వెనక ఉంది. ఎండ్ మారగానే 20వ ఓవర్లో కీపర్ వెనక అయింది. కుడిచేతి వాటం బ్యాటర్ కవర్స్‌లోకి కొట్టిన ఫోర్ తెరమీద ఎడమకు వెళ్లింది, మిడ్‌వికెట్ మీదుగా కొట్టిన సిక్స్ కూడా ఎడమకే వెళ్లింది. ఒకటి ఆఫ్ సైడ్, మరొకటి లెగ్ సైడ్ అని చూసేవాడికి ఎలా తెలుస్తుంది? క్లిప్‌ను అద్దంలోలా తిప్పేయకు, కుర్రాడు ఎడమచేతివాడైపోతాడు, జెర్సీ అంకెలు తిరగబడతాయి. ఓవర్ల మధ్య ఫీల్డర్లు చోటు మారుతున్న రెండు సెకన్ల ముక్క పెట్టి, దానిమీద ‘19 ఓవర్లు: 121/8, 6 బంతుల్లో 10’ అని వెయ్యి. ఎండ్ మారిందని కంటికి అందుతుంది. పక్క ఫోన్‌ను కూడా మ్యాచ్ అంతా మైదానానికి ఒకే వైపు ఉంచు. అటొకసారి ఇటొకసారి మారిస్తే ఒకే ఎండ్ నుంచి వేసే బౌలర్ ఓసారి కుడికి, ఓసారి ఎడమకు పరిగెత్తుతాడు.

చివరి ఫోర్‌కు రీప్లే కావాలంటే జట్టంతా మైదానంలోకి పరిగెత్తుకొచ్చాక వెయ్యి, ముందు కాదు. ఫలితం రాసిన కార్డు దాని తర్వాత రావాలి.

ఈ రెండు ఓవర్లు మళ్లీ కత్తిరించాక, మ్యాచ్ చూడనివాళ్లెవరికైనా ఒక్కసారే చూపించి రెండు ప్రశ్నలు అడుగు: ఎన్ని వికెట్లు పడ్డాయి, సిక్స్ కొట్టినవాడు అంతకుముందు ఎలా బతికాడు. వాళ్లేం చెప్పారో రాసి, కొత్త వీడియోతో పాటు ఆ స్కోర్ బుక్ పేజీ ఫొటో కూడా పంపు.

నీ అన్నయ్య