కాసులపేరుకు ముప్పై సెకన్లు: వెలుగు నడకను స్క్రిప్టుగా రాయడం

ప్రశ్న: మాది మచిలీపట్నం. నాన్నగారు చిలకలపూడి రోల్డ్ గోల్డ్ నగల తయారీలో పనిచేస్తారు. నేను బీఏ చివరి సంవత్సరం చదువుతున్నాను. నగల ప్రకటనలకు స్క్రిప్టులు రాయాలని ఉంది. నాకు నచ్చిన ప్రకటనల్లో నగను అతి దగ్గరగా చూపిస్తారు, వెలుగు మెల్లగా కదులుతుంది, మాటలు దాదాపు ఉండవు. అలాంటి వాటిలో రచయిత రాసేది ఏమిటి? ఉద్యోగానికి వెళ్లేటప్పుడు నమూనాగా ఏం చూపించాలి?

జవాబు: వెలుగు నడకను రాస్తారు. అది ఎక్కడ మొదలవుతుంది, ఎటు వెళుతుంది, ఎన్ని సెకన్లు తీసుకుంటుంది, దారిలో ఏది ముందు బయటపడుతుంది, ఏది చివరిదాకా చీకటిలో ఉండిపోతుంది: ఇవన్నీ కాగితం మీద ఉండాలి. "నగ మీద వెలుగు అందంగా కదులుతుంది" అని రాసి వదిలేస్తే కెమెరామన్‌కు ఏమీ చెప్పనట్టే.

కెమెరాను కాకుండా వెలుగునే ఎందుకు కదుపుతారో ముందు తెలుసుకోండి. అతి దగ్గరి నుంచి తీసే మాక్రో లెన్సుతో వస్తువును సెన్సర్ మీద దాని అసలు పరిమాణంలోనే పట్టినప్పుడు, లెన్సు రంధ్రాన్ని తగ్గించి ఎఫ్ 8 అపర్చర్ పెట్టినా స్పష్టంగా కనిపించే లోతు దాదాపు ఒక మిల్లీమీటరు మాత్రమే. కెమెరా కొద్దిగా ముందుకు జరిగినా చిత్రం మసకబారుతుంది. అందుకే నగనూ కెమెరానూ బిగించేసి లైటును కదుపుతారు. సెన్సర్ వెడల్పు 36 మిల్లీమీటర్లు ఉండే ఫుల్ ఫ్రేమ్ కెమెరాలో అప్పుడు తెర వెడల్పులో పట్టేదీ అంతే. ఒకటిన్నర సెంటీమీటర్ల కాసులైతే రెండు పడతాయి. "హారం మొత్తం కనిపిస్తుంది, ప్రతి కాసు మీదా చెక్కడం తెలుస్తుంది" అని ఒకే షాట్‌లో రాయకూడదని దీన్నిబట్టే అర్థమవుతుంది.

ఇప్పుడు కాసులపేరునే తీసుకుని ముప్పై సెకన్ల స్క్రిప్టు రాద్దాం. చాలామంది మొదటి ప్రయత్నంలో నగ ఎంత బాగుందో చెప్పాలని చూస్తారు. ఆ పని తెర ఎలాగూ చేస్తుంది. మనకు కావలసింది దగ్గరగా చూస్తేనే తెలిసే ఒక విషయం. మన ఇళ్లలో వీలైనప్పుడల్లా ఒక్కో కాసు కొని దాచి, చివరకు పేరు గుచ్చించుకోవడం ఉంది కదా, దాన్నే ఆధారంగా తీసుకుందాం. అలా కూడబెట్టిన కాసుల్లో పాతవాటి అంచులు అరిగి ఉంటాయి, కొత్తవి పదునుగా ఉంటాయి. మామూలు దూరం నుంచి ఆ తేడా తెలియదు. మాక్రోలో స్పష్టంగా తెలుస్తుంది. క్లోజప్‌కు ఇప్పుడు ఒక కారణం దొరికింది.

మొదటి ఆరు సెకన్లు: చీకటి. ఎడమవైపు నుంచి, కాసు మట్టానికి దాదాపు సమాంతరంగా వచ్చిన వెలుగు అంచును మాత్రమే సన్నటి గీతలా చూపిస్తుంది. అది కాసు అని ప్రేక్షకుడికి ఇంకా తెలియకూడదు.

ఆరు నుంచి పన్నెండు: అదే షాట్, కోత లేదు. వెలుగు మెల్లగా పైకి లేస్తుంది. ముందు తామరపువ్వు, తర్వాత చేయి, చివరగా లక్ష్మీదేవి ముఖం. ముక్కు, బుగ్గ అరిగి నునుపెక్కి ఉన్నాయి.

పన్నెండు నుంచి ఇరవై: ఒకదానిపై ఒకటి ఒరిగిన కాసుల వరుస. ఇక్కడ కొంచెం వెనక్కి వెళ్లి, నాలుగైదు కాసులు పట్టేలా చూస్తాం. వెలుగు అరిగిన కాసు మీద మొదలై పదునైన కాసు దగ్గర ఆగుతుంది. ఒక్కోటి వెలిగి, తర్వాతది వెలిగేసరికి ఆరిపోతుంది. శబ్దం: కాసుకు కాసు తగిలే చిన్న చప్పుడు, అంతే.

ఇరవై నుంచి ఇరవయ్యారు: మెడ మీద కాసులపేరు. ఊపిరికి కాసులు కొద్దిగా లేచి పడతాయి. ఈ షాట్ తప్పనిసరి. అప్పటిదాకా చూసినదాని పరిమాణం ప్రేక్షకుడికి తెలియదు. చర్మం పక్కన పెడితేనే తెలుస్తుంది. మాట ఇక్కడే: "ఏడాదికొక కాసు. ఈ ఏడాది, కాసులపేరు."

చివరి నాలుగు సెకన్లు దుకాణం పేరు.

మొత్తం మాటలు ఐదు. తీరిగ్గా చదివినా నాలుగు సెకన్లలో అయిపోతాయి. వాటిని పన్నెండో సెకను దగ్గర పెట్టి చూడండి: అరిగిన కాసు, కొత్త కాసు కనిపించకముందే మాట గుట్టు విప్పేస్తుంది. కన్ను గమనించాక చెవి నిర్ధారించాలి. "స్వచ్ఛమైన బంగారంతో మెరిసే" లాంటి వాక్యం రాస్తే కొట్టేయండి. మెరుపు తెర మీద ఉంది, స్వచ్ఛతను రుజువు చేసేది హాల్‌మార్క్. హాల్‌మార్క్‌ను మాక్రోలో చూపించాలనుకుంటే జాగ్రత్త: అందులో ఉండే హెచ్‌యూఐడీ ఆరు అక్షరాంకెల కోడ్, ఒక్కో నగకు ఒక్కోటి, 2023 ఏప్రిల్ 1 నుంచి అమ్మే బంగారు నగల మీద తప్పనిసరి చేశారు. తెర మీద అది చదవగలిగేంత పెద్దగా పడుతుంది కాబట్టి ఏ నగను చూపిస్తున్నారో దుకాణం వారి అనుమతితో ముందే తేల్చుకోవాలి.

అరిగినవీ కొత్తవీ రెండు రకాల కాసులూ కావాలని స్క్రిప్టులో విడిగా రాయండి. లేకపోతే చిత్రీకరణ రోజున అన్నీ కొత్తవే వస్తాయి, కథ పోతుంది. వేలిముద్రలు, దూది పోగులు కూడా మాక్రోలో భూతద్దం కింద పెట్టినట్టే కనిపిస్తాయి. అందుకే చేతులు నగను తాకే షాట్లను చిత్రీకరణలో చివరకు నెట్టేలా రాయడం మేలు.

ఈ వెలుగు పద్ధతి చెక్కడం ఉన్న బంగారానికి సరిపోతుంది. రవ్వల నగకు ఇదే రాస్తే పనిచేయదు. వజ్రం తళుక్కుమనాలంటే చిన్న చిన్న వెలుగు బిందువులు కావాలి. ముత్యానికి పెద్ద, మెత్తటి వెలుగు కావాలి. నగ మారితే వెలుగు నడకను మళ్లీ మొదటినుంచి ఆలోచించాలి.

నమూనాకు మీ ఇంట్లోనే సామగ్రి ఉంది. నాన్నగారిని అడిగి చెక్కడం ఉన్న ఒక రోల్డ్ గోల్డ్ కాసులపేరు తీసుకోండి. గదిని చీకటి చేయండి. టార్చికి ట్రేసింగ్ పేపరు చుట్టండి. పాలిష్ పట్టిన లోహం అద్దంలా ఎదురుగా ఉన్నదంతా చూపిస్తుంది కాబట్టి చుట్టూ నల్ల చార్టు నిలబెట్టండి. మాక్రో సదుపాయం ఉన్న ఫోనును స్టాండుకు బిగించి, ఫోకస్‌ను, ఎక్స్‌పోజర్‌ను లాక్ చేయండి. లాక్ చేయకపోతే వెలుగు పెరిగేకొద్దీ ఫోను దాన్ని తగ్గించేస్తుంది, మీరు అనుకున్న మార్పే కనిపించదు. దృశ్యంలో అడ్డంగా చారలు కదులుతుంటే అది లైటు మినుకు. షట్టర్‌ను మార్చుకునే వీలుంటే సెకనులో యాభయ్యో వంతు పెట్టి చూడండి, లేదంటే టార్చి మార్చండి.

తీసినదాన్ని శబ్దం లేకుండా ఇంట్లో ఒకరికి చూపించి, ఏం గమనించారో అడగండి. "కొన్ని కాసులు పాతవిలా ఉన్నాయి" అంటే స్క్రిప్టు పనిచేసింది. "బాగుంది" అని ఆగిపోతే మూడో షాట్‌లో వెలుగు వేగంగా వెళ్లిందని అనుమానించండి. ఒక కాసు నుంచి మరో కాసుకు రెండు సెకన్లు ఇచ్చి మళ్లీ తీయండి.

ఇక ఉద్యోగం సంగతి. నగల ప్రకటనలకు మాత్రమే రాసే ఉద్యోగం విడిగా దొరకడం అరుదు. ప్రకటనల ఏజెన్సీలో కాపీరైటర్‌గా చేరవచ్చు, లేదా ప్రకటన చిత్రాలు తీసే సంస్థలో దర్శకుడి సహాయకురాలిగా చేరవచ్చు. మీ ఆసక్తికి రెండోదే దగ్గర అని నా అభిప్రాయం. లైటు ఒక అంగుళం జరిగితే ఏం మారుతుందో కళ్లారా చూసే అవకాశం అక్కడే ఎక్కువ. చదవాలనుకుంటే పుణెలోని ఎఫ్‌టీఐఐ, కోల్‌కతాలోని ఎస్‌ఆర్‌ఎఫ్‌టీఐ అనే సినిమా శిక్షణ సంస్థల్లో డిగ్రీ తర్వాత చేసే సినిమాటోగ్రఫీ కోర్సులు ఉన్నాయి, ప్రవేశ పరీక్ష రాయాలి.

ఎక్కడికి వెళ్లినా రెండు నిలువు వరుసల్లో రాసిన ఒక పేజీ స్క్రిప్టు తీసుకెళ్లండి: ఎడమవైపు సెకన్లతో సహా దృశ్యం, కుడివైపు శబ్దం, మాట. దానితోపాటు ఫోనులో తీసిన ముప్పై సెకన్ల వీడియో. పది స్క్రిప్టులు వద్దు. ఒకటి చిలకలపూడి నగతో, మరొకటి ముత్యాలతో ఉంటే, నగను బట్టి వెలుగును మార్చి ఆలోచించగలరని చూసేవారికి తెలుస్తుంది.