లైకులన్నీ మన ఆఫీసువాళ్లవే అయితే...

ప్రశ్న: ఎంబీఏ మార్కెటింగ్ చేసి, మందుల డిస్ట్రిబ్యూటర్లకు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ అమ్మే హైదరాబాద్ కంపెనీలో ట్రైనీగా చేరాను. లింక్డ్‌ఇన్‌లో కంపెనీ పేజీ నాకే అప్పగించారు. లైకులన్నీ మా ఆఫీసువాళ్లవే. సోషల్ మీడియా పరిచయాల ద్వారా అమ్మకాలు పెంచే సోషల్ సెల్లింగ్‌లో స్థిరపడాలంటే ఏం నేర్చుకోవాలి?

జవాబు: ముందుగా మీ చివరి పది పోస్టులు తెరిచి, స్పందించినవారి హోదాలు రాసుకోండి. మందుల ఏజెన్సీల యజమానులు, అక్కడ అకౌంట్స్ చూసేవాళ్లు ఒక్కరూ లేరంటే లోపం డిజైన్‌లో కాదు, విషయంలోనే ఉంది. కొత్త వెర్షన్ వచ్చిందన్న వార్త వాళ్లకు అక్కర్లేదు. వాళ్లకు కావలసింది మీ సపోర్ట్ టీమ్‌కు వచ్చే ఫోన్లలో దొరుకుతుంది.

వారానికో అరగంట సపోర్ట్ ఇంజినీర్ పక్కన కూర్చోండి. గడువు తీరిన మందులు వాపసు పంపితే క్లెయిమ్ తిరస్కరించారని ఒకరు ఫోన్ చేశారనుకుందాం. చూస్తే బ్యాచ్ నంబర్‌లోని సున్నాను ఎవరో 'ఓ' అక్షరంగా కొట్టారు, కొనుగోలు బిల్లుతో అది కలవలేదు. ఈ సంగతిని ఆ ఇంజినీరే తన ప్రొఫైల్‌లో రాయాలి. పోస్టు మొత్తం తెరవకముందు కనిపించేది రెండు మూడు లైన్లే కాబట్టి, క్లెయిమ్ ఎందుకు ఆగిందో అక్కడే చెప్పేయాలి. తప్పు ఎలా పట్టుకున్నారో ఆ తర్వాత రాయొచ్చు. సాఫ్ట్‌వేర్ పేరు రాకపోయినా నష్టం లేదు. కంపెనీ పేజీలో మాత్రం అదే విషయాన్ని, వాపసు పంపేముందు సరిచూసుకోవాల్సిన జాబితాగా నాలుగైదు పేజీల పీడీఎఫ్ చేసి పెట్టండి.

'అందరూ షేర్ చేయండి' అని ఒకే మ్యాటర్ గ్రూపులో పంపడం దగ్గరే చాలా కంపెనీలు దెబ్బతింటాయి. ఒకేరోజు ఇరవైమంది అవే వాక్యాలు పెడితే అది పైనుంచి వచ్చిన ఆదేశమని చూసేవాళ్లకు ఇట్టే తెలిసిపోతుంది. ఇష్టపడి ముందుకొచ్చే నలుగురు చాలు. వాళ్లతో పది నిమిషాలు మాట్లాడి మీరు చిత్తుప్రతి రాసిస్తే, వాళ్లు తమ మాటల్లోకి మార్చుకుంటారు. స్క్రీన్‌షాట్లలో కస్టమర్ పేరు, రేట్లు, జీఎస్టీ నంబర్ కనిపించకుండా చూడండి.

ఎవరైనా యజమాని కామెంట్ పెడితే వెంటనే డెమో అడగొద్దు. ఆయన సందేహం తీర్చి, అవసరమైతే ఆ జాబితాను మీ వెబ్‌సైట్ పేజీలోనూ పెట్టి, దాని లింక్ పంపండి. అది ఎటునుంచి తెరిచారో తెలియాలంటే లింక్ చివర ఇది చేర్చండి:

```
?utm_source=linkedin&utm_medium=employee&utm_campaign=expiry-claims
```

ఇదీ అంతా పట్టుకోలేదు. చాలామంది పోస్టు చూసి నేరుగా ఫోన్ చేస్తారు. అందుకే 'మా గురించి ఎక్కడ చూశారు?' అని సేల్స్‌వాళ్లు అడిగి, జవాబును కస్టమర్ల వివరాలుండే సీఆర్‌ఎంలో నమోదు చేయాలి. చిన్న ఊళ్ల డిస్ట్రిబ్యూటర్లు లింక్డ్‌ఇన్‌లో తక్కువ. వాళ్లకు అదే పీడీఎఫ్‌ను మీ ఫీల్డ్ సిబ్బంది వాట్సాప్‌లో పంపడమే మేలు.

లింక్డ్‌ఇన్ ఇచ్చే 'సోషల్ సెల్లింగ్ ఇండెక్స్' వందకు లెక్కించే మార్కు. అది అక్కడ మీరెంత చురుగ్గా ఉన్నారో చెబుతుందేగానీ అమ్మకాలను చూపదు. మున్ముందు ఉద్యోగ ఇంటర్వ్యూలకు దానికంటే ఒక షీట్ సిద్ధం చేసుకోండి. ఏ పోస్టుకు ఏ హోదావారు స్పందించారు, వారిలో ఎందరితో సేల్స్‌వాళ్లు మాట్లాడారు, ఎన్ని డెమోలు జరిగాయి అన్నవి అందులో ఉండాలి.