బెర్లిన్‌లో మధ్యాహ్నం రెండైతే కూకట్‌పల్లిలో ఎంత?

మేడం, జేఎన్‌టీయూ హైదరాబాద్ కింద ఉన్న ఒక ప్రైవేట్ కాలేజీలో ఈసీఈ చేశాను, 2021 పాస్డ్ అవుట్, 7.1 సీజీపీఏ. ఐదేళ్లుగా హైదరాబాద్‌లోనే బ్యాకెండ్ డెవలపర్‌ని. బెర్లిన్‌లో ఒక కంపెనీ వాళ్లు అక్టోబర్ 27న వాళ్ల టైమ్ మధ్యాహ్నం 2 గంటలకి వీడియో ఇంటర్వ్యూ పెట్టారు. నా యాక్సెంట్ అర్థమవుతుందా, 90 రోజుల నోటీస్ పీరియడ్ అంటే వదిలేస్తారా, మన కాలేజీ అక్కడెవరికి తెలుసు, ఈ మూడూ టెన్షన్‌గా ఉన్నాయి. ఏం చెప్పాలి?
– బ్యాకెండ్ డెవలపర్, కూకట్‌పల్లి

మీరు అడగని దానితో మొదలుపెడతాను, ఎందుకంటే అది తప్పితే మిగతా మూడూ చెప్పే అవకాశమే రాదు. అక్టోబర్ 27న మీరు ఎన్నింటికి కూర్చోవాలి? ఇవాళ ఫోన్‌లో బెర్లిన్ టైమ్ చూసి మూడున్నర గంటల తేడా అనుకుని సాయంత్రం 5:30 అని రాసుకుని ఉంటే, అది తప్పు. జర్మనీలో మార్చి చివరి ఆదివారం గడియారాలు గంట ముందుకి, అక్టోబర్ చివరి ఆదివారం గంట వెనక్కి తిప్పుతారు. 2026లో ఆ ఆదివారం అక్టోబర్ 25, అంటే మీ ఇంటర్వ్యూకి రెండు రోజుల ముందు. అప్పట్నుంచి తేడా నాలుగున్నర గంటలు, కాబట్టి వాళ్ల 2 గంటలు మనకి సాయంత్రం 6:30. ఈసారి పొరపాటు పడితే గంట ముందు వెళ్లి ఖాళీ స్క్రీన్ చూస్తూ కూర్చుంటారు, అంతే. మార్చిలో అయితే కథ తిరగబడుతుంది, తేడా తగ్గుతుంది కాబట్టి పాత లెక్కతో ఉన్నవాళ్లు గంట లేటుగా లాగిన్ అవుతారు, అప్పటికి అవతలివాళ్లు లేచి వెళ్లిపోయి ఉంటారు. అమెరికా వాళ్లు ఈ మార్పు వేరే తేదీల్లో చేస్తారు, మార్చి రెండో ఆదివారం, నవంబర్ మొదటి ఆదివారం, కాబట్టి అమెరికా ప్రాజెక్టులో పనిచేసిన అలవాటుతో జర్మనీ లెక్క వేయకండి.

ఇంకోటి, మెయిల్‌లో ఉత్తినే IST అని రాస్తే సరిపోదు. ఐర్లండ్ వేసవి సమయానికీ, ఇజ్రాయెల్ సమయానికీ కూడా అవే మూడక్షరాలు వాడతారు. కన్ఫర్మేషన్ మెయిల్‌లో రెండు సమయాలూ పక్కపక్కన ఇలా పెట్టండి, తప్పుంటే వాళ్లే ముందు రోజు సరిచేస్తారు:

```
Tue 27 Oct 2026, 14:00 Berlin (CET) = 18:30 India (UTC+5:30)
```

కూకట్‌పల్లిలో సాయంత్రం ఆరున్నర అంటే హారన్లు, పైన ఫ్లాట్‌లో మిక్సీ, ఇంట్లో టీవీ. ఫ్రెండ్ రూమో, ఆఫీసు మీటింగ్ రూమ్ కాని ఇంకేదైనా ప్రశాంతమైన చోటో ఇప్పుడే చూసుకోండి. మీ మాట అర్థమవ్వడంలో యాక్సెంట్ ఎంతో, వెనకాల చప్పుడు కూడా అంతే.

యాక్సెంట్ సంగతికి వద్దాం. అవతల కూర్చునేవాళ్లకి కూడా ఇంగ్లిష్ సొంత భాష కాకపోవచ్చు, బెర్లిన్ టీముల్లో పోలండ్ వాళ్లూ బ్రెజిల్ వాళ్లూ ఉంటారు, ఇక వి, డబ్ల్యూ కలిపేయడంలో జర్మన్లు మనకేం తీసిపోరు. అందుకని నాలుక మడతపెట్టి అమెరికా వాడిలా మాట్లాడే ప్రయత్నం అస్సలు వద్దు. మొదటి ఐదు నిమిషాలు అలా లాగి, టెక్నికల్ ప్రశ్న రాగానే మళ్లీ మన యాసలోకి జారిపోయినవాళ్లని మాక్ ఇంటర్వ్యూల్లో చాలామందిని చూశాను. వినేవాళ్లకి ఒక్కసారిగా మనిషి మారినట్టు అనిపిస్తుంది. 'ఎర్రర్'ని 'యెర్రర్' అన్నా, 'ఓన్లీ'ని 'వొన్లీ' అన్నా ఎవరి ఉద్యోగమూ పోదు.

నిజంగా అడ్డం పడేది మాట మీద ఒత్తు. తెలుగులో అన్ని అక్షరాలనీ దాదాపు సమానంగా పలుకుతాం, ఇంగ్లిష్ వినేవాళ్లు ఒత్తు ఎక్కడ పడిందో దాన్ని బట్టే పదం పట్టుకుంటారు. మనం 'పారా-మీటర్' అంటాం, వాళ్లకి తెలిసిన పదం 'ప-రా-మిటర్', ఒత్తు 'రా' మీద. 'కంపోనెంట్'లో 'పో' మీద, 'డెవలప్‌మెంట్'లో 'వె' మీద. మీరు రోజూ వాడే పదాలు ఓ ఇరవై ఉంటాయి, వాటిని డిక్షనరీ సైట్‌లో నొక్కి విని, ఆ ఇరవై వరకే సరిచేసుకోండి. భాష మొత్తం మార్చుకునే టైమ్ లేదు, అవసరమూ లేదు. అంకెల దగ్గర మాత్రం ఇంకాస్త జాగ్రత్త. ఫిఫ్టీన్, ఫిఫ్టీ ఫోన్లో ఒకేలా వినిపిస్తాయి. రెస్పాన్స్ టైమ్‌ని 50 మిల్లీసెకన్ల నుంచి 15కి తగ్గించానని చెప్తే, వాళ్లకి 50 నుంచి 50కి అని వినపడితే మీరు చేసిన పని గాలికి పోయినట్టే. 'ఫైవ్ జీరో, వన్ ఫైవ్' అని అంకెలు విడదీసి ఇంకోసారి అనండి. మీ మాట అర్థమవుతుందో లేదో తేల్చుకోవడానికి, మీ ప్రాజెక్ట్ గురించి రెండు నిమిషాలు ఫోన్లో రికార్డ్ చేసి, మీ ఫీల్డ్ కాని చుట్టాలబ్బాయికో అక్కకో పంపి, విన్న పేర్లూ అంకెలూ రాసి పంపమనండి. అక్కడ తప్పినవే ఇంటర్వ్యూలోనూ తప్పుతాయి.

యాక్సెంట్ కన్నా పెద్ద ప్రమాదం ఒకటుంది, దాన్ని ఎవరూ చెప్పరు. వాళ్లు 'సో యూ హావెంట్ యూజ్డ్ కాఫ్కా?' అని అడిగారనుకోండి. తెలుగులో మనం 'అవునండీ, వాడలేదు' అంటాం, ఆ అలవాటులో నోట్లోంచి 'యెస్' వస్తుంది. ఇంగ్లిష్‌లో దానికి వాళ్లు వాడాడనే అర్థం తీసుకుంటారు, తర్వాతి పది నిమిషాలూ కాఫ్కా మీద ప్రశ్నలే. మీరు తడబడతారు, వాళ్లు అబద్ధం చెప్పాడనుకుంటారు. ఇలాంటి ప్రశ్నకి ఉత్త యెస్, నో రెండూ వద్దు, 'ఐ హావెంట్ యూజ్డ్ ఇట్' అని పూర్తి వాక్యం చెప్పండి. తల ఊపడం కూడా అంతే, మన ఊపుడు వాళ్లకి అవునో కాదో తెలీదు, నోటితో చెప్పాల్సిందే. పన్లో పని, మీ ఉత్తరంలో ఉన్న 'పాస్డ్ అవుట్' అక్కడ వాడకండి. దానికి వాళ్ల అర్థం స్పృహ తప్పి పడిపోవడం. 'గ్రాడ్యుయేటెడ్ ఇన్ 2021' అంటే చాలు.

నోటీస్ పీరియడ్‌కి మీరు అనవసరంగా భయపడుతున్నారు. రెండు వారాల నోటీస్ ఆనవాయితీ ఉన్న అమెరికా వాళ్లకి 90 రోజులంటే వింత కానీ, జర్మనీలో ప్రొబేషన్ ముగిశాక చట్టం ప్రకారమే కనీసం నాలుగు వారాలుంటుంది, అదీ నెల 15వ తేదీకో నెలాఖరుకో ముగియాలి. అనుభవం ఉన్నవాళ్ల ఒప్పందాల్లో మూడు నెలలు రాసుకోవడం అక్కడ మామూలే. వాళ్లకి చిరాకు తెప్పించేది 90 కాదు, మనం దాన్ని చెప్పే తీరు. 'నైంటీ డేస్, బట్ నెగోషియబుల్, బై అవుట్ ఆప్షన్ ఉంది, మేనేజర్‌తో మాట్లాడతా' అని సాగదీస్తే వాళ్లకి ఒక్క తేదీ కూడా చేతికి రాదు. బై అవుట్ అనే మాటకి అర్థం కూడా వాళ్లకి వివరించాల్సి వస్తుంది.

అందుకని ఇంటర్వ్యూకి ముందే మీ అపాయింట్‌మెంట్ లెటర్ తీసి ఆ క్లాజ్ చదవండి. 90 రోజులా మూడు నెలలా, డబ్బు కట్టి ముందే వెళ్లే హక్కు మీకుందా, లేక కంపెనీ ఇష్టమని రాశారా. చాలా లెటర్లలో కంపెనీ ఇష్టమనే ఉంటుంది, అలా ఉంటే బై అవుట్ ఊసే ఎత్తకండి. తర్వాత లెక్క వేయండి. ఇంటర్వ్యూలు రెండు మూడు రౌండ్లు అయ్యి, నవంబర్ చివరికి సంతకాలైన కాంట్రాక్ట్ చేతికొచ్చిందనుకుందాం. డిసెంబర్ 1న రిజైన్ చేస్తే, ఆ రోజుతో కలిపి 90 రోజులు ఫిబ్రవరి 28తో అయిపోతాయి. వీసా పని ఆ మూడు నెలల్లోనే పక్కన నడుస్తుంది. రిలీవింగ్ లెటర్, ఇల్లు ఖాళీ చేయడం, ప్రయాణం కలుపుకుంటే ఏప్రిల్ 1. కాబట్టి అడిగినప్పుడు మీ జవాబు ఇది: కాంట్రాక్ట్ ప్రకారం మూడు నెలల నోటీస్, నవంబర్ చివరికి సంతకం అయితే, వీసా సమయానికి వస్తే, ఏప్రిల్ 1న చేరగలను. ముందే వదిలితే మార్చిలో వస్తానని మీ మేనేజర్ నోటి మాట నమ్మి చెప్పకండి, తేదీ ముందుకి జరిపితే ఎవరూ బాధపడరు, వెనక్కి జరిపితేనే సమస్య. ఇక సంతకాలు లేకుండా మెయిల్‌లో వచ్చిన 'కంగ్రాచ్యులేషన్స్' చూసి రిజైన్ చేయడం మాత్రం ఎంతమాత్రం వద్దు.

డిగ్రీ గురించి. అక్కడ అడిగేవాళ్లకి మన కాలేజీ పేరుతో పనిలేదు, డిగ్రీ ఇచ్చింది యూనివర్సిటీ. అఫిలియేషన్ పద్ధతి వాళ్లకి తెలీదు కాబట్టి ఒక్క వాక్యంలో చెప్పేయండి: జేఎన్‌టీయూ హైదరాబాద్ అనే ప్రభుత్వ యూనివర్సిటీ నుంచి నాలుగేళ్ల ఇంజినీరింగ్ బ్యాచిలర్ డిగ్రీ, చదివింది దాని అనుబంధ కాలేజీలో. నాలుగేళ్లు అన్న మాట మానకండి, మన దగ్గర మూడేళ్ల డిగ్రీలూ ఉంటాయి కదా, తేడా వాళ్లకి తెలియాలి. మార్కులు అడిగితేనే చెప్పండి, అప్పుడు '7.1 అవుట్ ఆఫ్ 10' అని పూర్తిగా. అక్కడ గ్రేడుల్లో 1 అన్నిటికన్నా మంచిది, 4 అంటే అత్తెసరు పాస్, కాబట్టి పదికి అని చెప్పకపోతే ఆ 7.1 వాళ్లకి అర్థం లేని అంకె. ఐదేళ్ల అనుభవం ఉన్న మీకు ఆ ప్రశ్న వచ్చే అవకాశం తక్కువే.

ఇంటర్వ్యూ కన్నా డిగ్రీ ఎక్కువ అవసరమయ్యేది వీసాకి. జర్మనీ ప్రభుత్వం anabin అనే డేటాబేస్‌లో విదేశీ యూనివర్సిటీలనీ డిగ్రీలనీ రేటింగ్‌తో పెట్టింది, సైట్ జర్మన్‌లో ఉంటుంది, దేశం దగ్గర Indien ఎంచుకోవాలి. వెతకాల్సింది యూనివర్సిటీ పేరు, కాలేజీ పేరు వెతికి దొరకలేదని హైరానా పడేవాళ్లే ఎక్కువ. యూనివర్సిటీకి గుర్తింపు ఉందని చెప్పే H+ ఉందో లేదో, మీ బీటెక్ అక్కడి డిగ్రీతో సమానమని ఉందో లేదో, రెండూ చూసి పేజీలు ప్రింట్ తీసి పెట్టుకోండి. రెండింట్లో ఏది సరిపోకపోయినా ZAB అనే సంస్థ నుంచి డిగ్రీ పోలిక పత్రం తీసుకోవచ్చు, ఫీజు కట్టాలి, టైమ్ పడుతుంది. కంపెనీ వాళ్లు ఈ సంగతి అడిగినప్పుడు 'చూశాను, వివరాలు పంపుతాను' అనగలిగితే, వాళ్ల హెచ్ఆర్‌కి సగం పని తగ్గినట్టే. ఈసీఈ చదివి సాఫ్ట్‌వేర్ చేస్తున్నారేంటని అడిగితే కంగారు పడకండి, ఐటీ ఉద్యోగాలకి గత ఏడేళ్లలో కనీసం మూడేళ్ల సంబంధిత అనుభవం చూపి బ్లూ కార్డ్ అనే వర్క్ పర్మిట్ తీసుకునే దారి కూడా ఉంది, దానికి జీతం పరిమితి ఉంటుంది, అది ఏటా మారుతుంది.

ఇంతకీ మీ దగ్గర ఒరిజినల్ డిగ్రీ ఉందా? మనవాళ్లు చాలామంది ప్రొవిజనల్ సర్టిఫికెట్, అన్ని సెమిస్టర్ల మార్కుల మెమో చేతికి రాగానే ఆగిపోతారు, ఇక్కడి కంపెనీలకి అవే సరిపోతాయి కాబట్టి ఒరిజినల్ డిగ్రీ సంగతి గుర్తే ఉండదు. అక్కడ అసలు పట్టానే అడుగుతారు. లేకపోతే 27 దాకా ఆగకుండా ఈ వారంలోనే యూనివర్సిటీకి అప్లై చేసేయండి.