గోళం వ్యాసార్థం కొలవడంలో చిన్న తప్పు వస్తే ఘనపరిమాణంలో ఎంత శాతం తప్పు వస్తుంది?

వ్యాసార్థంలో వచ్చిన దోష శాతానికి దాదాపు మూడు రెట్లు.

V = (4/3)πr³ ని అవకలనం చేస్తే dV = 4πr² dr వస్తుంది. ఇందులో 4πr² అంటే గోళం ఉపరితల వైశాల్యమే. బత్తాయికి తొక్క ఉన్నట్టు గోళం మీద dr మందంతో పల్చటి పొర ఉందనుకోండి, dV ఆ పొర ఘనపరిమాణం. దాన్ని V తో భాగిస్తే dV/V = 3 dr/r.

ల్యాబ్‌లో ఉక్కు గుండునే తీసుకుందాం. అసలు వ్యాసం 20 మి.మీ. వెర్నియర్ కాలిపర్స్ జీరో ఎర్రర్ తీసేయడం మర్చిపోవడంతో 20.1 మి.మీ. అని రాశాం. తప్పు 0.1 ఉన్నది వ్యాసంలో. కాబట్టి వ్యాసార్థంలో dr = 0.05, r = 10. అంటే 0.5 శాతం. ఘనపరిమాణంలో 1.5 శాతం, అంటే సుమారు 4189 ఘన మి.మీ.లో 63 ఎక్కువ. చాలామంది ఇక్కడే 0.1 ని 10 తో భాగించి 3 శాతం అని రాసేస్తారు. వ్యాసంలో తప్పును వ్యాసంతోనే భాగించాలి.

నిజంగా లెక్కిస్తే 1.005³ = 1.015075, అంటే 1.5075 శాతం. తేడా లెక్కలోకి రాదు. కానీ వ్యాసార్థంలో తప్పు 20 శాతం ఉంటే సూత్రం 60 అంటుంది, అసలు విలువ 72.8. అంత పెద్ద తప్పుకు అవకలనాలను నమ్మకూడదు, నేరుగా ఘనం చేసి చూడాలి.