బ్యాంకుకి వెళ్లే ముందు ఇంట్లో వేసుకున్న లెక్క

ప్రశ్న: చిన్న యూనిట్ కోసం టర్మ్ లోన్‌కి వెళ్దామనుకుంటున్నాను. ఇంట్రెస్ట్ కవరేజ్, డీఎస్‌సీఆర్ ముందుగా మనమే చూసుకోవచ్చా? ఎంతుంటే చాలు?

చూసుకోవచ్చు, చూసుకునే వెళ్లాలి. లాభం వడ్డీకి ఎన్ని రెట్లుందో చెప్పేది ఇంట్రెస్ట్ కవరేజ్. చేతికొచ్చే డబ్బు ఆ ఏడాది కట్టాల్సిన అసలు, వడ్డీల మొత్తానికి ఎన్ని రెట్లుందో చెప్పేది డీఎస్‌సీఆర్. నేను మొదటిసారి చూసుకోకుండానే వెళ్లాను.

నాది విజయవాడ దగ్గర అట్టపెట్టెల యూనిట్. మిఠాయి కొట్లకి, సీజన్‌లో నూజివీడు మామిడికి పెట్టెలు చేస్తాం. కొత్త మెషీన్‌కి 50 లక్షలు. నా చేతిలోవి 10, లోన్ 40. ప్రాజెక్ట్ రిపోర్ట్ ఒకాయనతో రాయించాను. డీఎస్‌సీఆర్ 2.1 అని వేసిచ్చాడు. బ్యాంకులో ఆఫీసర్ పేజీలు తిప్పుతూ, "మీరు పేపర్ ప్లేట్లు కూడా చేస్తారా?" అని అడిగాడు. ఎవరిదో పాత రిపోర్ట్‌లో పేరు మార్చి ఇచ్చాడన్నమాట, ఆరో పేజీలో మార్చడం మర్చిపోయాడు. దానికి పన్నెండు వేలు తీసుకున్నాడు! ఫైలు వెనక్కి వచ్చింది.

ఆ రాత్రి నోట్‌బుక్ తీసి నేనే కూర్చున్నాను. ఏడాదికి కోటీ అరవై లక్షల అమ్మకం. పేపరు, జీతాలు, కరెంటు పోగా, వడ్డీకి, తరుగుదలకి ముందు 18 లక్షలు మిగులుతుంది. తరుగుదల ఏడున్నర తీసేస్తే పదిన్నర. మొదటి ఏడాది వడ్డీ లోన్ మీద సుమారు 4, సీసీ మీద, అంటే సరుకుకి, రోజువారీ ఖర్చులకి వాడుకునే క్యాష్ క్రెడిట్ మీద 1.6, మొత్తం 5.6. పదిన్నరని దానితో భాగిస్తే ఇంట్రెస్ట్ కవరేజ్ 1.9 దాకా వచ్చింది. రెండుంటే ధీమాగా ఉండొచ్చంటారు, మనది దగ్గర్లోనే ఉంది కదా అని సంబరపడ్డాను.

నన్నడిగితే చిన్న యూనిట్లకి ఆ అంకె దండగ. వడ్డీతో పాటు లోన్ అసలు కూడా తిరిగి కట్టాలన్న సంగతే దానికి తెలీదు. నా లోన్ ఐదేళ్లకి, అంటే ఏటా అసలే 8 లక్షలు. వడ్డీతో కలిపి 12 కట్టాలి. తరుగుదల పేరుతో తీసేసినది చేతిలోంచి పోయే డబ్బు కాదు కాబట్టి దాన్ని తిరిగి కలుపుతారు. కాబట్టి 18లో సీసీ వడ్డీ పోగా మిగిలిన 16.4 ఆ 12కి ఆధారం. డీఎస్‌సీఆర్ 1.37. ఆదాయపు పన్ను నాకు పెద్దగా పడదు కాబట్టి వదిలేశాను, మీకు పడితే తీసేయండి. బ్యాంకులు మామూలుగా సగటున ఒకటిన్నర, ఏ ఏడాదీ 1.2కి తగ్గకుండా చూస్తాయి. కొంచెం తక్కువైనా మాట్లాడుకుంటే అయిపోతుందనుకున్నాను.

మా ఆవిడ క్యాలెండర్‌లో గ్యాస్ బండ తేదీ రాసుకుంటూ, "మరి ఇంటికి ఎంత తెస్తారు?" అంది. నా లెక్కలో ఇల్లు లేదు! ప్రొప్రయిటర్‌కి జీతం రాయరు, మనం వాడుకునేది లాభంలోంచే పోతుంది. నెలకి పాతిక వేలంటే ఏడాదికి 3 లక్షలు. 16.4 కాస్తా 13.4 అయింది, డీఎస్‌సీఆర్ 1.12కి దిగింది. చాలా రిపోర్టుల్లో ఈ వరుస ఉండదు. ఈఎంఐలు తప్పేవాళ్లలో సగం మంది ఇక్కడే తప్పుతారని నా గట్టి నమ్మకం.

తర్వాత పేపర్. నెలకి 25 టన్నుల క్రాఫ్ట్ పేపర్ వాడతాను. కిలోకి 3 రూపాయలు పెరిగి, పెట్టెల రేటు పెంచడానికి మా పార్టీలు మూడు నెలలు ఒప్పుకోలేదనుకోండి. 75 టన్నుల మీద రెండుంపావు లక్షలు గల్లంతు. 13.4 కాస్తా 11.15. భాగిస్తే 0.93. అంటే ఆ ఏడాది వాయిదాలకి బయట అప్పు చేయాలి. మిఠాయి కొట్లవాళ్లు తొంభై రోజులకి గానీ డబ్బివ్వని సంగతి ఇందులో కలపనేలేదు. అప్పటికప్పుడు పెట్టెలు కావాలంటారు, డబ్బు మాత్రం పండగ వెళ్లాక అంటారు. సరే, అది వేరే ఏడుపు.

మెషీన్ మానుకుందామా అనుకున్నాను. కానీ లాభం పెంచకుండా మార్చగలిగేది ఒకటుంది, గడువు. అదే 40 లక్షలు ఏడేళ్లకి అడిగితే ఏటా అసలు 5.7, వడ్డీ 4.1, మొత్తం 9.8. ఇల్లు తీసేశాక 1.37. పేపర్ దెబ్బ కూడా తగిలితే 1.14. మొత్తం మీద వడ్డీ ఎక్కువ కడతాం, నిజమే. కానీ చెడ్డ ఏడాదిలో గట్టెక్కుతాం. ఇంట్రెస్ట్ కవరేజ్ మాత్రం ఐదేళ్లయినా ఏడేళ్లయినా దాదాపు అంతే. అందుకే అన్నాను దండగ అని.

రెండోసారి చేత్తో రాసిన కాగితంతోనే వెళ్లాను. ఇంటి ఖర్చు, పేపర్ దెబ్బ రెండూ తీసేసిన లెక్క కూడా పెట్టాను. అదే ఆఫీసర్ చూసి, మొదటి ఏడాది మెషీన్ పూర్తిగా నడవదు కదా అని అమ్మకం కొంచెం తగ్గించి, అసలు కట్టడానికి ఆరు నెలల మారటోరియం తనే రాశాడు. అప్పుడు కూడా వడ్డీ నెలనెలా పడింది, దానికి డబ్బు పక్కన పెట్టుకోండి. ఈసారి పేపర్ ప్లేట్ల గురించి అడగలేదు.